ఒక్కరోజు ముందు పుట్టినోడు

నెల కింద మా బొల్లారంలో కమ్యూనిటీ హాల్లో ఒక అవగాహన సదస్సు జరిగింది. మాట్లాడడానికి ఒక రిటైర్డ్ ఆఫీసర్ గారు వచ్చారు. మనవారే. పైకి వచ్చినవారు, కష్టపడ్డవారు, ఆ గౌరవం నాకుంది. ఆయన మైకు పట్టుకుని ఒక మాట అన్నారు. "మనోళ్ళకు తెలివికి తక్కువ లేదు. తేదీలు పట్టించుకోరు, అదే రోగం. లాస్ట్ డేట్ అయిపోయినంక సర్టిఫికెట్లు పట్టుకుని నా ఇంటికొస్తారు."

హాలంతా చప్పట్లు. సిగ్గు లేకుండా చెప్తున్నా, నేనూ కొట్టిన.

కుర్చీలు మడతపెట్టేటప్పుడు పక్క గల్లీ తమ్ముడు ఒకడు నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. పేరు రాయను. రైలు పట్టాల పక్కన కాంట్రాక్టర్ కింద రోజుకూలీ చేస్తాడు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. మెల్లగా అడిగాడు. "అన్నా, సార్ చెప్పింది మంచిగనే ఉంది. నేను ఏ తేదీ తప్పిన్నో జర చెప్తవా?"

ఈ భాగం మొత్తం వాడికి ఇవ్వాల్సిన జవాబు.

వాడు ఏ తేదీ తప్పలేదు. 2018లో రైల్వే గ్రూప్-డి పడితే రాశాడు, కొద్దిలో పోయింది. 2019లో మళ్ళీ పడితే మొదటి వారంలోనే అప్లై చేశాడు. ఆ పరీక్ష 2022లో పెట్టారు, అదీ రాశాడు, పోయింది. 2025 జనవరిలో మళ్ళీ పడింది. నోటిఫికేషన్ పడిన రోజే నెట్ సెంటర్‌కు పోయాడు. పుట్టిన తేదీ కొట్టగానే కంప్యూటర్ వద్దంది. వాడి పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ 1984 జనవరి 1. ఆ నోటిఫికేషన్‌లో ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు 1984 జనవరి 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి.

ఒక్కరోజు.

వాళ్ళమ్మను అడిగితే వాడు పుట్టింది వానాకాలం అంటుంది. బోనాలు అయిపోయిన కొన్నాళ్ళకు అంటుంది. జనవరి ఒకటి ఎక్కడిది మరి? బళ్ళో చేర్చుకున్న సారు రాసిందది. మన బస్తీల్లో నా వయసు వాళ్ళ మెమోలు పది తీసి చూడండి, జనవరి 1, జూన్ 1, జూలై 1 ఎన్నిసార్లు కనిపిస్తాయో. తల్లికి తేదీ తెలియదు, తెలిసినా అడిగేవాడు లేడు, రిజిస్టర్‌లో గడి ఖాళీగా ఉండకూడదు. సారు కలం అక్కడ ఆగకుండా పోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ కలమే వచ్చి ఉద్యోగం ముందర అడ్డం పడింది. రైల్వే గానీ ఇంకెవరు గానీ వయసుకు మెమోనే చూస్తారు. తర్వాత మార్చుకొస్తే ఒప్పుకోమని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది.

ఇప్పుడు లెక్కలోకి పోదాం. విద్యార్థులు ఇక్కడ జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే ఈ లెక్క కోచింగ్ సెంటర్ల పోస్టర్ల మీద ఉండదు. పోస్టర్ మీద "వయసు 18–36" అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ వయసును దరఖాస్తు పెట్టిన రోజున చూడరు, పరీక్ష రాసే రోజున చూడరు. నోటిఫికేషన్‌లో ఒక తేదీ ఇస్తారు, ఆ ఒక్క రోజు నాటికి నీ వయసెంతో అదే లెక్క. 2019 నాటి గ్రూప్-డి నోటిఫికేషన్, అంటే ఆర్‌ఆర్‌సీ 01/2019లో ఆ తేదీ 2019 జూలై 1. పరిమితి 33, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ళు కలిపి 38. 2025లో వచ్చిన సీఈఎన్ 08/2024లో ఆ తేదీ 2025 జనవరి 1. పరిమితి 36, మనకు 41.

మా తమ్ముడికి 2025 జనవరి 1న సరిగ్గా 41 నిండాయి. "41 దాకా ఉందిగా అన్నా, నాకు 41యే కదా" అని వాడి వాదన. చాలామంది ఇక్కడే మోసపోతారు. 41 దాకా అంటే ఆ రోజుకు 41 నిండి ఉండకూడదని వాళ్ళ అర్థం. అందుకే నేను పిల్లలకు ఒకటే చెప్తాను, వయసు అంకె చదవొద్దు, పుట్టిన తేదీల పట్టిక చదువు. రైల్వే నోటిఫికేషన్ లోపల వర్గాలవారీగా ఒక పట్టిక ఉంటుంది, ఏ తేదీ కంటే ముందు పుట్టకూడదు, ఏ తేదీ తర్వాత పుట్టకూడదు అని. 2025లో అది జనరల్‌కు 1989 జనవరి 2, మనకు 1984 జనవరి 2. కింది హద్దు అందరికీ 2007 జనవరి 1. నీ మెమో పక్కన పెట్టుకుని ఆ పట్టిక చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. ఇంకెవరినీ అడిగే పని లేదు.

ఇంతవరకు వాడి దురదృష్టంలాగే కనిపిస్తుంది. అసలు కథ ఆ రెండు నోటిఫికేషన్ల మధ్యలో ఉంది.

2019 నోటిఫికేషన్ దరఖాస్తులు ఏప్రిల్ 12న మూసేశారు. తర్వాతి గ్రూప్-డి నోటిఫికేషన్ దరఖాస్తులు 2025 జనవరి 23న తెరిచారు. మధ్యలో 5 ఏళ్ళ 9 నెలలు. 2019లో 1,03,769 ఖాళీలని ప్రకటించి, కోటికి పైగా దరఖాస్తులు తీసుకుని, పరీక్ష 2022 ఆగస్టులో మొదలుపెట్టారు. దరఖాస్తు పెట్టినోడు పరీక్ష హాలు చూడడానికి మూడేళ్ళకు పైగా పట్టింది. కరోనా అన్నారు. కరోనా నిజమే, కాదనను. 2019 ఏప్రిల్ నుంచి 2020 మార్చి దాకా కరోనా లేదు కదా, అప్పుడేం చేశారు?

ఇంకొకటి మర్చిపోవద్దు. ఆ దరఖాస్తుల్లో సుమారు 4.85 లక్షలు ఫొటో బాగోలేదు, సంతకం బాగోలేదు అని పక్కన పడేశారు. గొడవ జరిగాక 2021 డిసెంబర్‌లో మళ్ళీ ఫొటో, సంతకం పెట్టుకొమ్మని లింకు తెరిచారు. కొద్దిరోజులే. ఆ కొద్దిరోజుల్లో సైట్ చూసినోడు బతికాడు, చూడనోడు పోయాడు. తేదీలు పట్టించుకోరని మనల్ని అంటారు గానీ, రెండున్నరేళ్ళు గమ్మున పడుకున్న నోటిఫికేషన్ ఒకరోజు లేచి వారం పదిరోజులు తలుపు తెరిస్తే, రోజూ దాని గడప దగ్గర కాపలా కూర్చునేదెవరు? పనికి పోని వాళ్ళు కూర్చోగలరు. మా తమ్ముడు పొద్దున ఆరింటికే పనిలో ఉండాలి.

వాడి సంగతే లెక్క కడదాం. ఏడాదికొకసారి, పాత 38 ఏళ్ళ పరిమితితోనే, జూలై 1 లెక్కతోనే నోటిఫికేషన్ పడి ఉంటే వాడికి ఎన్ని అవకాశాలుండేవి? 2020లో వాడికి 36 నిండి ఉండేవి, అర్హుడే. 2021లో 37, అప్పుడూ అర్హుడే. 2022 జూలైకి 38 దాటేవాడు. అంటే రెండు అవకాశాలు. ఆ రెండూ వాడు తప్పినవి కావు, వాళ్ళు పెట్టనివి.

ఇక 2025లో 3 ఏళ్ళు అదనంగా ఇచ్చామని చెప్పుకున్నారు. కరోనా వల్ల ఒక్కసారికి మాత్రమే అని నోటిఫికేషన్‌లోనే రాశారు. ఒకసారి కూడి తీసి చూడండి. వయసు లెక్కించే తేదీ 2019 జూలై నుంచి 2025 జనవరికి జరిగింది, అంటే ఐదున్నరేళ్ళు. మూడేళ్ళు వెనక్కిచ్చారు. మిగతా రెండున్నరేళ్ళు ఎవరి జేబులోంచి పోయాయి? 1981 జూలై 2 నుంచి 1984 జనవరి 1 దాకా పుట్టిన ఎస్సీ, ఎస్టీ బిడ్డలందరి జేబులోంచి. 2019లో వాళ్ళు అర్హులు, తర్వాతి నోటిఫికేషన్‌కు అనర్హులు. జనరల్‌లో 1986 జూలై నుంచి 1989 జనవరి దాకా పుట్టినోళ్ళదీ అదే గతి, దాచాల్సిన పని లేదు. తేడా ఒక్కటే, మనకు ఇచ్చిన సడలింపు 5 ఏళ్ళు. తరతరాలు బడి బయట నిలబెట్టినందుకు, ఆలస్యంగా చదువు మొదలుపెట్టేవాళ్ళకు ఇచ్చిన 5 ఏళ్ళు. నోటిఫికేషన్ ఐదున్నరేళ్ళు రాకపోతే ఆ సడలింపు కాగితం మీద అలాగే ఉంటుంది, లోపల ఏమీ మిగలదు. రిజర్వేషన్ తీసెయ్యాలంటే చట్టం మార్చాలి, గొడవలవుతాయి. నోటిఫికేషన్ ఆపడానికి ఏమీ చెయ్యక్కర్లేదు. ఏమీ చెయ్యకుండా ఉంటే చాలు.

ఇది ఢిల్లీ వాళ్ళ రోగం మాత్రమే అనుకుంటే పొరపాటు. తెలంగాణ వచ్చింది 2014 జూన్‌లో. నియామకాల కోసమే కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం. మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్ 26న పడింది, 503 పోస్టులు. ఉమ్మడి రాష్ట్రంలో అంతకు ముందుది 2011ది. ఇన్నేళ్ళ ఖాళీ వాళ్ళకూ తెలుసు కాబట్టే ఒక నెల ముందు వయోపరిమితి 34 నుంచి 44కు పెంచారు. పాలాభిషేకాలు జరిగాయి. పదేళ్ళు పెంచారంటే పదేళ్ళు నోటిఫికేషన్ వెయ్యలేదని వాళ్ళే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టు. దానికి పాలాభిషేకమా?

ఆ నోటిఫికేషన్ గతేమైందో మీకు తెలుసు. 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్, పేపర్ లీకయి 2023 మార్చిలో రద్దు. జూన్ 11న మళ్ళీ ప్రిలిమ్స్, బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. ప్రభుత్వం మారింది, 2024 ఫిబ్రవరి 19న పాతది తీసేసి 563 పోస్టులతో కొత్తది వేశారు, వయసు 46 చేశారు. పాత దరఖాస్తు ఉందిగా అని కూర్చుంటే కుదరదు, మళ్ళీ పెట్టుకోవాల్సిందే. గ్రూప్-2 సంగతి ఇంకా విడ్డూరం. 2022 డిసెంబర్ నోటిఫికేషన్‌కు 2023 ఆగస్టులో పరీక్ష అన్నారు, నవంబర్ అన్నారు, 2024 జనవరి అన్నారు, ఆగస్టు అన్నారు, చివరికి 2024 డిసెంబర్ 15, 16న పెట్టారు. నాలుగుసార్లు వాయిదా. ఒక్క గంట ఆలస్యంగా దరఖాస్తు పంపితే సర్వర్ మనల్ని బయటికి నెడుతుంది. ఏడాది పైన ఆలస్యంగా పరీక్ష పెట్టినోళ్ళను ఏ సర్వర్ నెట్టింది?

మా బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉంది. చలికాలం విడిదికి రాష్ట్రపతి వస్తారంటే ఆ తేదీకి రోడ్డు ఊడ్చి, గోడలకు సున్నం వేసి, చెట్లు కత్తిరించి అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఆ పని చేసేది మన వాళ్ళే. తేదీ అంటే ఏంటో, దాన్ని ఎలా నిలబెట్టాలో ఈ రాజ్యానికి బాగా తెలుసు. అవసరమనుకున్న చోట నిలబెడుతుంది.

సికింద్రాబాద్ స్టేషన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2022 జూన్ 17. ఆ పొద్దు మంటలు చూపించిన టీవీలు దాని వెనక ఉన్న తేదీలు చూపించలేదు. రెండేళ్ళుగా ఆర్మీ ర్యాలీలు లేవు. అంతకు ముందు పరుగులో, మెడికల్‌లో పాసైన పిల్లలు రాతపరీక్ష కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు, పదిహేడున్నర నుంచి 21 ఏళ్ళు అన్నారు. పాత పరీక్ష ఇక లేదన్నారు. రెండేళ్ళు ఎదురుచూసిన పిల్లాడికి 21 ఎప్పుడో దాటింది. దేశమంతా భగ్గుమన్నాక 16వ తేదీ రాత్రి ఆ ఏడాదికి మాత్రం 23 చేశారు. మర్నాడు సికింద్రాబాద్‌లో పోలీసు కాల్పుల్లో ఒక పిల్లాడు చనిపోయాడు. స్టేషన్ తగలబెట్టడం సరైనదని నేననను. కేసుల్లో ఇరుక్కున్న పిల్లలకు పోలీస్ వెరిఫికేషన్ ఎంత గండమో నాకు తెలుసు. కానీ ఆ రోజు పట్టాల మీదికి వచ్చింది వయసు లెక్క అని మాత్రం గుర్తుంచుకోండి.

సరే, రాజ్యాన్ని తిట్టడం నాకు కొత్త కాదు, మీకు చదవడం కొత్త కాదు. ఇప్పుడు మన వైపు తిరుగుదాం.

మా చెల్లె బిడ్డ ఉంది. 2001 ఆగస్టులో పుట్టింది, అది మాత్రం ఆస్పత్రిలో రాసిన నిజమైన తేదీ. 2019 నోటిఫికేషన్‌కు 2001 జూలై 1 దాకా పుట్టినోళ్ళే అర్హులు, నెల తేడాలో పోయింది. పర్వాలేదు, వచ్చే ఏడాది రాస్తుందిలే అనుకున్నాం. ఆ వచ్చే ఏడాది 2025లో వచ్చింది. అప్పటికి పిల్లకు 23. ఈలోపు ఇంకో తిరకాసు. మొదట గ్రూప్-డికి పదో తరగతితో పాటు ఐటీఐ గానీ అప్రెంటిస్ సర్టిఫికెట్ గానీ కావాలని ప్రచారం జరిగింది. మా పిల్లకు ఐటీఐ లేదు, ఆశ వదులుకుంది. 2025 జనవరిలో పదో తరగతి చాలని సవరించారు. 2018లో కూడా అచ్చం ఇలాగే మొదట ఐటీఐ అని, గొడవయ్యాక తీసేశారు. అందుకే పేపర్‌లో వచ్చిన ముక్క చదివి మనకు మనమే అనర్హులమని తీర్పు చెప్పుకోవద్దు. పూర్తి నోటిఫికేషన్ వచ్చేదాకా, వచ్చాక కూడా సవరణ నోటీసులు ఉన్నాయేమో చూసేదాకా, ఆ తీర్పు ఆపండి.

పిల్ల నెట్ సెంటర్‌కు పోయి అప్లై చేసింది. చివరి తేదీ ఫిబ్రవరి 22 అన్నారు, తర్వాత మార్చి 1కి పెంచారు, అది మాకు అవసరం పడలేదు. రసీదు తెచ్చి చూపించింది. చూస్తే మొబైల్ నంబరు మా ఎవరిదీ కాదు. "సెంటర్ అన్న, ఓటీపీ తొందరగా వస్తదని ఆయన నంబరే కొట్టిండు మామా" అంది. మెయిల్ ఐడీ కూడా ఆయనే తయారుచేసిందే.

ఇందులో ప్రమాదమేంటో చెప్తాను. rrbapply.gov.in లో మొదట అకౌంట్ తెరవాలి. అక్కడ ఇచ్చిన పేరు, పుట్టిన తేదీ, మొబైల్, మెయిల్ మళ్ళీ మార్చడానికి వీల్లేదు. తర్వాత డబ్బు కట్టి దరఖాస్తులో కొన్ని వివరాలు దిద్దుకోవచ్చు గానీ అకౌంట్ వివరాలు దిద్దనివ్వరు. ఇంకో అకౌంట్ తెరిచి ఇంకో దరఖాస్తు పెడదామంటే, ఒకే నోటిఫికేషన్‌కు ఒకరు రెండు దరఖాస్తులు పెడితే అన్నీ కొట్టేస్తారు. ఇక పరీక్ష ఏ ఊళ్ళో అన్నది సుమారు 10 రోజుల ముందు, హాల్ టికెట్ 4 రోజుల ముందు సైట్‌లో పెడతారు. మెసేజ్ వస్తే ఆ సెంటర్ ఫోన్‌కు వస్తుంది. ఆయన ఫోన్‌లో ఇట్లాంటి వాళ్ళవి వందల మెసేజ్‌లు ఉంటాయి. ఇంటికి ఉత్తరం ఎవరూ వెయ్యరు.

మేం ఏం చేశామంటే, అదే సాయంత్రం పోయి ఆ మెయిల్ పాస్‌వర్డ్, అకౌంట్ పాస్‌వర్డ్ రాయించుకొచ్చాం. మెయిల్‌ను పిల్ల ఫోన్‌లో తెరిచి పాస్‌వర్డ్ మార్చాం. రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీద సుద్దతో రాశాం, మా చెల్లె దాన్ని తుడవనివ్వదు. ఆ అన్న మంచోడే, కావాలని చేసింది కాదు. రెండు నెలల తర్వాత పోతే అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. సెంటర్ లేదు. ఆ సాయంత్రమే పోకపోతే పిల్ల గతేంటి?

బ్యాంకు ఖాతా కూడా అంతే. ఎస్సీ, ఎస్టీలకు, ఆడపిల్లలకు ఫీజు 250 రూపాయలు. మొదటి పరీక్షకు హాజరైతే బ్యాంకు చార్జీలు పట్టుకుని అది వెనక్కి వస్తుంది, దరఖాస్తులో ఏ ఖాతా రాస్తే ఆ ఖాతాకు. ఎవరి ఖాతా నంబరు కొట్టారో చూసుకోండి. పరీక్ష వేరే ఊళ్ళో పడితే మనకు రైల్లో స్లీపర్ ఉచిత పాస్ ఉంది. దరఖాస్తులో అది కావాలని గుర్తుపెట్టి కుల సర్టిఫికెట్ జతచేస్తేనే వస్తుంది. సెంటర్‌లో తొందర పడినోడు ఆ గడి "వద్దు" అని కొట్టి ముందుకు పోతాడు. వెయ్యి రూపాయల చార్జీ లేక పరీక్షకు పోని పిల్లల్ని నేను చూశాను. పాస్ వాళ్ళ హక్కని వాళ్ళకు తెలియదు.

కుల సర్టిఫికెట్ మాటొచ్చింది కాబట్టి ఒక్క ముక్క. కేంద్రం ఉద్యోగాలకు వాళ్ళ ఫార్మాట్‌లో ఉన్న సర్టిఫికెట్ కావాలి, ఆ ఫార్మాట్ నోటిఫికేషన్ చివర ఉంటుంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి వర్గీకరణ అమల్లోకి వచ్చింది. ఇకముందు రాష్ట్ర నోటిఫికేషన్లకు ఏ గ్రూపో రాసి ఉన్న సర్టిఫికెట్ కావాలి. వర్గీకరణ మీద మనలో మనకు ఎన్ని అభిప్రాయాలున్నా అది వేరే భాగంలో మాట్లాడుకుందాం. కాగితం మాత్రం రెండు రకాలూ ఇప్పుడే తీసి పెట్టుకోండి. నోటిఫికేషన్ పడ్డాక మీ సేవలో వరుస ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు.

చదువు తేదీ ఇంకో గుంట. వయసుకు ఒక తేదీ ఉన్నట్టే చదువుకూ ఒక తేదీ ఉంటుంది, అది బోర్డును బట్టి మారుతుంది. రైల్వేకు దరఖాస్తు చివరి తేదీకి పాసై ఉండాలి, ఫలితాల కోసం చూస్తున్నవాళ్ళు పెట్టకూడదు. మన రాష్ట్ర సర్వీస్ కమిషన్ గ్రూపులకు మామూలుగా నోటిఫికేషన్ తేదీకే పాసై ఉండాలంటుంది. డిగ్రీ ఫలితం నోటిఫికేషన్ పడిన వారానికి వస్తే, చివరి తేదీ ఇంకా మూడు వారాలుందని సంబరపడి పెట్టేస్తారు. పరీక్ష రాస్తారు, ర్యాంకూ వస్తుంది, సర్టిఫికెట్ల పరిశీలనలో తీసేస్తారు. రెండేళ్ళ చదువు ఆ వారం తేడాలో పోతుంది. ఈ దెబ్బ తిన్నవాళ్ళు సాధారణంగా బయటికి చెప్పుకోరు.

ఇప్పుడు ఆ రిటైర్డ్ ఆఫీసర్ గారికి, నాకు, మన సంఘాలన్నిటికీ ఒక ప్రశ్న. ఏప్రిల్ 14కు మనం రంగుల ఫ్లెక్సీ కట్టిస్తాం. నేను ముందుంటా. ఆ హాలు గోడ మీద ఏడాది పొడుగునా ఒక నోటిఫికేషన్ అంటించిన పాపాన పోయామా? పిల్లలు యూట్యూబ్‌లో "భారీ నోటిఫికేషన్, వెంటనే చూడండి" అన్న వీడియోల వెంట పరుగెత్తుతున్నారంటే, వాళ్ళకు ఇంకో దారి మనం చూపలేదు.

అందుకని బొల్లారంలో ఒక పని మొదలుపెట్టాం. కొత్తదేం కాదు, పెద్ద సైజు రిజిస్టర్ ఒకటి. మా చెల్లె బిడ్డే రాస్తుంది. ప్రతి ఆదివారం పొద్దున పదింటికి రైల్వే బోర్డు సైట్ rrbsecunderabad.gov.in, ఎస్‌ఎస్‌సీ సైట్ ssc.gov.in, రాష్ట్ర సర్వీస్ కమిషన్ సైట్, పోలీసు నియామకాల సైట్ నాలుగూ తెరుస్తుంది. శనివారం వచ్చే ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ లైబ్రరీలో తిరగేస్తుంది. ఏదన్నా పడితే ఒక పేజీ కేటాయిస్తుంది. పైన నోటిఫికేషన్ నంబరు, కింద నాలుగే తేదీలు. వయసు లెక్కించే తేదీ, చదువుకు లెక్కించే తేదీ, దరఖాస్తు చివరి తేదీ, దిద్దుబాటుకు ఇచ్చిన రోజులు. ఎస్సీలకు ఏ తేదీ తర్వాత పుట్టి ఉండాలో ఎర్ర ఇంకుతో. పేజీలో సగం ఖాళీగా వదులుతుంది, ఎందుకంటే సవరణలు, వాయిదాలు, ఫొటోల గొడవలు అక్కడ రాయాలి కదా. మూడేళ్ళు నిద్రపోయిన నోటిఫికేషన్ పేజీని కూడా తీసెయ్యం, ఆదివారం ఆదివారం దాన్నీ చూస్తాం.

వెనక వైపు నుంచి ఇంకో లెక్క రాస్తున్నాం. బస్తీలో ఉద్యోగాలకు చదివే ప్రతి ఒక్కరి మెమో తేదీ, ఆ తేదీకి ఏ ఉద్యోగానికి ఏ ఏడాది దాకా అర్హత ఉందో. 38 ఏళ్ళ పరిమితి అయితే 1990 మే 10న పుట్టిన ఎస్సీ తమ్ముడికి జనవరి 1 లెక్కన 2028 నోటిఫికేషన్ చివరిది. అంటే నోటిఫికేషన్ వేసినా వెయ్యకపోయినా వాడికి మిగిలింది అంతే. ఇట్లా ఒక్కొక్కరి ఎదురుగా ఏడాది రాస్తూ పోతే, ఈ ఏడాది నోటిఫికేషన్ రాకపోతే మా బస్తీలో ఎంతమంది శాశ్వతంగా పోతారో పేర్లతో సహా తెలుస్తుంది. ఆ జాబితా పట్టుకుని ఎమ్మెల్యే దగ్గరికి, ఎంపీ దగ్గరికి పోతాం. "నిరుద్యోగం పెరిగింది సార్" అంటే వాళ్ళు తలూపి టీ తాగిస్తారు. "ఈ పదకొండు మందికి డిసెంబర్ 31తో వయసైపోతుంది, ఈలోపు వేస్తారా వెయ్యరా" అంటే టీ అంత తొందరగా రాదు.

2024 ఫిబ్రవరిలో రైల్వే వాళ్ళు ఏడాది క్యాలెండర్ ప్రకటించారు, ఏ మూడు నెలల్లో ఏ ఉద్యోగాల నోటిఫికేషనో. అందులో గ్రూప్-డికి అక్టోబర్–డిసెంబర్. మొదటి ఏడాదే అది జనవరిలోకి జారింది. రాష్ట్రం 2024 ఆగస్టు 2న అసెంబ్లీలో జాబ్ క్యాలెండర్ పెట్టింది, వర్గీకరణ తేలేదాకా కొత్త నోటిఫికేషన్లు లేవని ఆ తర్వాత ఆపేసింది. ఈ రెండు క్యాలెండర్లూ జిరాక్స్ తీసి రిజిస్టర్ అట్ట లోపల అంటించాం. వాళ్ళ తేదీ, అది జరిగిన తేదీ పక్కపక్కన రాస్తున్నాం. తేదీలు పట్టించుకోని రోగం ఎవరిదో కాగితం మీదే తేలుతుంది.

చిన్నపిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. బళ్ళో వేసిన రోజు పుట్టిన తేదీ ఏం రాశారో చూడండి. తప్పుంటే పిల్లలు పదో తరగతికి వచ్చి నామినల్ రోల్స్ పోయేలోపే బర్త్ సర్టిఫికెట్ పెట్టి సరిచేయించండి. మెమో చేతికొచ్చాక అది రాయి మీద చెక్కినట్టే.

మా తమ్ముడు పోయిన ఆదివారం హాలుకొచ్చాడు. వాడికి నేనేం తేదీ చెప్పగలను? "నువ్వు ఏ తేదీ తప్పలేదు" అని ఈ కాగితాలన్నీ చూపించాను. చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి ఏడో తరగతి చదివే కొడుకు ఆధార్ తీసి మా పిల్ల ముందర పెట్టి, "బళ్ళో వీని తేదీ ఏం రాసిన్రో రేపు పోయి కనుక్కుంట, నువ్వు గీ రిజిస్టర్‌ల ఒక లైను ఖాళీ పెట్టు" అన్నాడు.

జై భీమ్.